పోయే నీడ, పోని నీడ

మార్కాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక కుర్రవాడి పనితనం గురించి ఈ వ్యాసం. పేరు వద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. అతని బల్ల మీద అందరి బల్లల మీదా ఉండేవే ఉంటాయి: మైక్రోస్కోపు, హీట్ ప్లేటు, సోల్డరింగ్ ఐరన్, సన్నటి పట్టకార్లు. అందరి దగ్గరా లేనిది ఒకటుంది. అతని ఫోన్లో ఏ బొమ్మా లేని కొన్ని ఉత్త రంగుల చిత్రాలున్నాయి. ముదురు బూడిద, నడిమి బూడిద, లేత బూడిద, తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం. తెర మీద ఏదో నీడ పడిందని ఎవరైనా వస్తే స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందు ఈ చిత్రాలను వాళ్ల ఫోన్‌కు పంపి, ఒక్కొక్కటే తెర నిండా పెట్టి చూస్తాడు. చాలాసార్లు ఫోన్ విప్పే అవసరమే రాదు.

నీడ అంటే ఏమిటో ఫోన్ వాడేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఓఎల్ఈడీ తెర ఉన్న ఫోన్లో ఒక బొమ్మను చాలాసేపు కదలకుండా ఉంచితే, తర్వాత వేరే బొమ్మ పెట్టినా పాతది వెనకాల లీలగా కనిపిస్తుంది. కొన్నిసార్లు కాసేపటికి దానంతటదే పోతుంది. కొన్నిసార్లు ఆ తెర ఉన్నంతకాలం ఉంటుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కారణాలు మాత్రం పూర్తిగా వేరు. మొదటిదాన్ని రెండోదిగా పొరబడితే మనిషి వేల రూపాయలు పెట్టి అక్కర్లేని తెర వేయించుకుంటాడు. రెండోదాన్ని మొదటిదిగా పొరబడితే తెర మరమ్మతు చేస్తామనే యాప్‌లు పెట్టుకుని రాత్రంతా రంగులు మెరిపిస్తూ ఉన్న ఆయుష్షు కూడా ఖర్చు చేసుకుంటాడు. ఈ రెంటినీ విడదీయడంలో ఆ కుర్రవాడికి ఉన్న ఓపిక నన్ను కట్టిపడేసింది. ఆ తెరను చేసినవాళ్ల పనితనం కూడా అతని పరీక్షలోంచే నాకు అర్థమైంది.

నేనున్నప్పుడు వచ్చిన ఒక ఫోన్ సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో రెండు నీడలూ ఒకే తెర మీద ఉన్నాయి. తెచ్చినాయన గిద్దలూరు వైపు లారీ డ్రైవర్. పలకరాయి, నాపరాయి తోలే బండి. వచ్చిన కారణం ఒక వే బిల్లు. ఎండలో బండి ఆపినప్పుడు బిల్లు ఫోటో తెరిచి, కనిపించడం లేదని వెలుతురు పూర్తిగా పెంచి, ఫోన్‌ను డాష్‌బోర్డు మీద పెట్టి ఇరవై నిమిషాలు అలాగే ఉంచేశాడు. ఆ తర్వాత ఏది తెరిచినా వెనకాల బిల్లు గీతలు, గడులు కనిపిస్తున్నాయి.

"తమ్ముడూ, బిల్లు తెరకంటకపొయ్యిందయ్యా. ఇంగ పోదంటన్నారు. మార్చాలంటే ఎంతవుద్ది?"

"మార్చేదేం లేదులే అన్నా, ముందు చూడనీ. ఎప్పటి నుంచి కనపడతాంది?"

"పొద్దన్నించే."

ఆ ఒక్క జవాబుతో కుర్రవాడికి సగం తెలిసిపోయింది. అయినా పరీక్ష మానలేదు. ముందు డ్రైవర్ ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి తన ఫోన్‌కు పంపుకున్నాడు. అందులో నీడ లేదు. అంటే ఫోన్ తయారుచేస్తున్న బొమ్మలో లోపం లేదు, ఉన్నదంతా తెరలోనే. ఈ చిన్న పరీక్షను చాలామంది సగమే చేస్తారు. స్క్రీన్‌షాట్‌ను అదే ఫోన్లో తెరిచి చూసి, నీడ అందులో కూడా ఉందనుకుంటారు. నీడ ఉన్న తెర మీద ఏది చూసినా నీడతోనే కనిపిస్తుంది కదా. వేరే ఫోన్లో చూస్తేనే అది పరీక్ష అవుతుంది.

తర్వాత నడిమి బూడిద పెట్టాడు. బిల్లు గడులు స్పష్టంగా తేలాయి. వాటితో పాటు డ్రైవర్ అంతవరకు గమనించని ఇంకో సంగతి బయటపడింది. తెర అడుగున ఒక అడ్డపట్టీ మిగతా తెరకన్నా కొంచెం మసకగా ఉంది, దాని పై అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. పట్టీ లోపల మూడుచోట్ల చిన్న గుర్తులు మాత్రం చుట్టుపక్కలకన్నా కాంతిగా ఉన్నాయి. వెనక్కి, ఇంటికి, పాత యాప్‌లకు వెళ్లే మూడు మీటల ఆకారాలవి. తెర పైభాగంలో ఇంకో పట్టీ, ఉందా లేదా అన్నట్టుంది.

కుర్రవాడు ఫోన్ ఆపేసి ఫ్యాను గాలికి పెట్టాడు. "అన్నా, టీ తాగి అరగంటకు రా" అన్నాడు. అరగంట తర్వాత మళ్లీ అదే బూడిద పెడితే బిల్లు గీతలు దాదాపు పోయాయి, వెతికితే తప్ప కనపడవు. అడుగు పట్టీ, మూడు గుర్తులు మాత్రం ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

ఇక్కడ ఒక గుర్తు పట్టుకోవాలి. బిల్లు ఆరోజు చూసిన బొమ్మ. అడుగు పట్టీ రెండేళ్లుగా రోజూ చూస్తున్న బొమ్మ. దారి చూపించే మ్యాప్ నడుస్తున్నప్పుడు ఎంత దూరం, ఎప్పటికి చేరతాం అని రాసి ఉండే తెల్లటి పట్టీ అది. పోయే నీడలో చివరగా చూసిన బొమ్మ ఉంటుంది. పోని నీడలో మన అలవాటు ఉంటుంది. నిన్న ఒక్క గంట చూసిన సినిమా ఎప్పుడూ శాశ్వతంగా ముద్రపడదు. పైన గడియారం, అడుగున మీటలు, వాట్సాప్ కీబోర్డు, మ్యాప్ పట్టీ, టీవీ చానల్ గుర్తు వంటివే పడతాయి. నీడలో ఏముందో చదివితే చాలావరకు తీర్పు అక్కడే దొరుకుతుంది. అరగంట ఆగడం ఆ తీర్పును ఖాయం చేసుకోవడానికి.

మార్కాపురం పలక మీద రాసి పెరిగినవాళ్లకు ఈ తేడా చేతికే తెలుసు. బలపం తెలుపు తడిగుడ్డకు పోతుంది, రాయి అరిగి పడిన గాడి పోదు. ఓఎల్ఈడీ తెరలో ఈ బలపం ఏది, ఈ గాడి ఏది అన్నదే అసలు విషయం.

ఈ తెరలో వెనకనుంచి వెలిగించే దీపం ఉండదు. ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది. ఆ వెలుగు సేంద్రియ పదార్థపు పొరలది, వాటిలో కరెంటు పారితే కాంతి వస్తుంది. 1987లో అమెరికాలోని కోడక్ కంపెనీలో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ఇలాంటి రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, పది వోల్టుల లోపే చక్కగా వెలిగించి చూపించారు. మీటరును కోటి భాగాలు చేస్తే ఒక భాగమెంతో, ఆ పొరలు రెండూ కలిపి అటూ ఇటుగా అంత మందం. ఇప్పటి ఫోన్ తెరల్లో పొరలు ఇంకా ఎక్కువ, సూత్రం అదే. ఎంత కరెంటు పారితే అంత వెలుగు. కాబట్టి ప్రతి చుక్కకూ కరెంటును కొలిచి పోసే కుళాయి ఒకటి కావాలి. ఆ కుళాయే ట్రాన్సిస్టర్.

పోయే నీడ చాలావరకు ఈ ట్రాన్సిస్టర్ దగ్గర పుడుతుంది. ట్రాన్సిస్టర్‌కు ఒక గడప వోల్టేజి ఉంటుంది, అంతకు మించితేనే కరెంటు పారడం మొదలవుతుంది. ఒక చుక్కను చాలాసేపు ఒకే స్థాయిలో బాగా వెలిగిస్తే, ట్రాన్సిస్టర్ లోపలి పొరల సరిహద్దులో కొంత విద్యుదావేశం ఇరుక్కుంటుంది. దాంతో గడప కాస్త అటో ఇటో జరుగుతుంది. ఆ తర్వాత అన్ని చుక్కలకూ ఒకే బూడిద రంగు ఇవ్వమని చెప్పినా, గడప జరిగిన చుక్కలు రవంత ఎక్కువో తక్కువో కరెంటు పోస్తాయి. అదే నీడ. వేడి తోడైతే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మే నెలలో లారీ డాష్‌బోర్డు మీద, వెలుతురంతా పెంచి, ఇరవై నిమిషాలు అంటే ఇంతకన్నా అనువైన పరిస్థితి వేరే అక్కర్లేదు. ఇరుక్కున్న ఆవేశం వోల్టేజి తీసేస్తే మెల్లగా విడుదలవుతుంది. నిమిషాల్లో, అరగంటలో, ఎక్కువైతే ఒక రాత్రిలో పోతుంది. ఇందులో అరిగిందీ లేదు, కాలిందీ లేదు.

ఈ గడప జరగడాన్ని తెర చేసేవాళ్లు మొదటినుంచీ ఎరుగుదురు. వాళ్లు కట్టిన ఏర్పాటు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మంచి ఫోన్ తెరల్లో చుక్కలోని ఒక్కో రంగు ఉపచుక్క వెనక సాధారణంగా ఏడు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటర్ ఉంటాయి. వెలిగించే పని ఒక్క ట్రాన్సిస్టర్‌దే. మిగతావాటిలో ఎక్కువ భాగం దాని గడప ఎక్కడుందో కనుక్కోవడానికి, కనుక్కున్నదాన్ని కెపాసిటర్లో దాచి కొత్త బొమ్మ విలువకు కలపడానికి, వెలిగే ముందు పాత బొమ్మ మిగులును తుడవడానికి. ఇది సెకనుకు అరవైసార్లో నూట ఇరవైసార్లో ప్రతి ఉపచుక్కలో జరుగుతుంది. 1080 వెడల్పు, 2400 ఎత్తు ఉన్న తెరలో చుక్కకు రెండు ఉపచుక్కలు లెక్కేసుకున్నా దాదాపు 52 లక్షల ఉపచుక్కలు, వాటి వెనక 3.6 కోట్ల ట్రాన్సిస్టర్లు. నీడ పడటం మనకు వింతగా తోస్తుంది. ఇంత చిన్న తేడాలను కంటికి తెలియకుండా ప్రతి క్షణం సర్దుతూ ఉన్నందువల్ల ఎప్పుడో గాని నీడ పడటం లేదన్నదే నిజానికి వింత. లారీ డాష్‌బోర్డు ఎండ లాంటిది తగిలినప్పుడు మాత్రం ఆ సర్దుబాటుకు అందనిది కొంత మిగులుతుంది.

ఈ ఏడు ట్రాన్సిస్టర్ల ఏర్పాటుకు తెలియనిది ఒకటుంది. అది కరెంటును సరిగ్గా పోస్తుంది, ఆ కరెంటుకు ఎంత వెలుగు వచ్చిందో చూడదు. పోని నీడ అక్కడ పుడుతుంది.

వెలిగే పదార్థం వాడేకొద్దీ అరుగుతుంది. కరెంటు పారినప్పుడు అణువులు శక్తి పుంజుకుని, ఆ శక్తిని కాంతిగా వదులుతాయి. ఎప్పుడో ఒకసారి ఆ శక్తి కాంతిగా మారకముందే అణువులోని ఒక బంధాన్ని తెంచేస్తుంది. తెగిన ముక్క ఇక వెలగదు. పైగా పక్క అణువుల శక్తిని కూడా కాంతి కానివ్వకుండా లాగేసుకుంటుంది. ఇలా తెగినవి పోగయ్యేకొద్దీ అదే కరెంటుకు వెలుగు తగ్గుతుంది. తెగిన బంధం ఫోన్ ఆపితే అతకదు, చల్లబరిస్తే అతకదు, ఏ సాఫ్ట్‌వేర్ వేసినా అతకదు.

మూడు రంగుల్లోనూ ముందు అరిగేది నీలం. ఎరుపు కాంతికణంతో పోలిస్తే నీలి కాంతికణానికి శక్తి మూడోవంతు పైగా ఎక్కువ. అంత శక్తిని మోయాల్సిన అణువు, తన బంధాలు తెగే హద్దుకు దగ్గరలో పనిచేస్తూ ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది. 1998లో ప్రిన్స్‌టన్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు బరువైన లోహపు పరమాణువును చేర్చి, అంతకుముందు ముప్పాతిక భాగం వృథా అయ్యే శక్తిని కూడా కాంతిగా మార్చే దారి కనిపెట్టారు. ఎరుపు, పచ్చ ఆ దారిలోకి వచ్చాయి, కాబట్టి వాటికి తక్కువ కరెంటు చాలు. నీలంలో ఆ దారి పట్టిన పదార్థాలు ఎక్కువకాలం నిలవలేదు. అందుకని మన ఫోన్లలో నీలం చాలావరకు పాత పద్ధతిలోనే ఎక్కువ కరెంటు తాగుతూ వెలుగుతోంది.

దీనికి తెర గీసినవాళ్లు చూపిన ఉపాయం కుర్రవాడి మైక్రోస్కోపు కింద నేను స్వయంగా చూశాను. తెల్లటి బొమ్మ పెట్టి చూస్తే పచ్చ చుక్కలు చిన్నవిగా, ఎక్కువగా ఉన్నాయి. నీలం చుక్కలు వాటికన్నా బాగా పెద్దవి. నీలం బలహీనమని తెలిసి దానికి ఎక్కువ చోటిచ్చారు. చోటు పెరిగితే అదే వెలుగును ఎక్కువ పదార్థం పంచుకుంటుంది, ఒక్కో అణువు మీద భారం తగ్గుతుంది. రసాయనంతో గెలవలేని చోట కొలతలతో ఆయుష్షు పెంచారు. తెర మీద బొమ్మ చూసే ఎవరికీ ఈ సంగతి తెలియదు.

మళ్లీ ఆ లారీ ఫోన్ దగ్గరికి వద్దాం. కుర్రవాడు బూడిద తర్వాత రంగులు ఒక్కొక్కటే పెట్టాడు. ఆయనది సామ్‌సంగ్ ఫోన్, దాంట్లో డయలర్ తెరిచి *#0*# కొడితే కంపెనీ పరీక్ష పేజీ వస్తుంది, ఎరుపు, పచ్చ, నీలం తెరలు అక్కడే ఉంటాయి. ఎరుపులో అడుగు పట్టీ కనపడీ కనపడనట్టుంది. పచ్చలో కొంచెం. నీలంలో గోడకు వేసిన సున్నం పట్టీలా విడిగా తెలిసింది. పైనున్న సన్నటి పట్టీ మాత్రం పచ్చలోనే ఎక్కువ తెలిసింది. మ్యాప్‌లో ఎటు తిరగాలో చెప్పే పైపెట్టె పచ్చరంగుది, అక్కడ అరిగింది పచ్చ ఉపచుక్కలు. అడుగు పట్టీ తెల్లనిది. తెలుపుకు మూడు రంగులూ వెలగాలి, అందులో నీలం ముందు అలిసింది. అందుకే తెల్ల తెర మీద ఆ పట్టీ లేత పసుపు తిరిగి కనిపిస్తుంది, నీలం తగ్గితే తెలుపులో మిగిలేది పసుపే. చానల్ పెట్టిన ఎర్రటి వార్తల పట్టీ రోజూ చూసే తెర మీద దీనికి వ్యతిరేకంగా ఎరుపు అరిగి, ఆ చోటు తెలుపులో నీలిపచ్చ ఛాయ తిరుగుతుంది. నీడ రంగును బట్టి ఆ మనిషి ఏం చూశాడో చెప్పవచ్చు.

మూడు మీటల గుర్తులు మాత్రం చుట్టుపక్కలకన్నా కాంతిగా ఎందుకున్నాయి? తెల్ల పట్టీ మీద ఆ మీటలు నల్లవి. చుట్టూ ఉన్న చుక్కలు రెండేళ్లు వెలిగి అలిసిపోతే, మీటల కింది చుక్కలు వెలగకుండా కొత్తగా మిగిలాయి. కాబట్టి పోని నీడ అసలు బొమ్మకు తలకిందులుగా ఉంటుంది. వెలిగినచోట మసక, వెలగనిచోట కాంతి. ఇది చూసినప్పుడు తెర కాలిపోయిందని మనం వాడుకలో అనుకునే మాట సరికాదని తెలుస్తుంది. తెరలో ఏ చుక్కా కాలిపోలేదు. అన్నీ అరుగుతున్నాయి, కొన్ని ముందుగా అరిగాయి. కంటికి కనిపించేది అరుగుదల కాదు, పక్కపక్కన ఉన్నవాటి అరుగుదలలో తేడా.

దీన్ని లెక్కలో చూద్దాం. ఆయన చెప్పిన ప్రకారం మ్యాప్ రోజుకు ఆరు గంటలు, నెలకు 25 రోజులు, రెండేళ్లు. మొత్తం 3,600 గంటలు. ఈ గంటలన్నింటిలో అడుగు పట్టీ పూర్తి తెలుపు. నడిమి తెరలో మ్యాప్ కూడా వెలుతురే, కాని అది కదులుతూ ఉంటుంది. ఒక చుక్క మీదికి ఒకసారి రోడ్డు వస్తుంది, ఒకసారి చెట్ల పచ్చ, ఒకసారి కంభం చెరువు నీలం. సగటున తెలుపుకన్నా తక్కువ భారం, అన్ని చుక్కలకూ సమానంగా పంచిన భారం. ఉదాహరణకు పట్టీ 12 శాతం, నడిమి భాగం 8 శాతం మసకబారాయనుకుందాం. కంటికి 12 గాని 8 గాని తెలియదు. ఆ రెంటి మధ్య 4 శాతం తేడా, అదీ తిన్నని గీతగా ఉన్నందువల్ల తెలుస్తుంది. అంచు పదునుగా ఉంటే రెండు శాతం తేడాను కూడా కన్ను పట్టేస్తుంది. అదే తేడా అంచు లేకుండా మెల్లగా పరుచుకుని ఉంటే ఎవరూ గమనించరు.

ఇందులో వెలుతురు పాత్ర గంటలకన్నా పెద్దది. తెర వెలుగును రెట్టింపు చేస్తే పదార్థం ఆయుష్షు సగం కాదు, పదార్థాన్ని బట్టి సుమారు మూడోవంతుకో నాలుగోవంతుకో పడిపోతుంది. ఎండలో ఫోన్ తనంతట తాను వెలుగు పెంచేస్తుంది. గిద్దలూరు నుంచి వినుకొండ దాకా పట్టపగలు అద్దం మీద పెట్టిన ఫోన్లో ఒక గంట, రాత్రి ఇంట్లో చూసే ఎన్నో గంటలకు సమానం. కుర్రవాడు డ్రైవర్‌కు చెప్పిన సలహా అందుకే చాలా సూటిగా ఉంది. మ్యాప్‌ను పగలు కూడా నల్ల రంగులో పెట్టుకోమన్నాడు, దారి తెలిసిన చోట తెర ఆపి మాట మాత్రం వినమన్నాడు, ఫోన్‌ను అద్దం మీంచి ఏసీ గాలి తగిలే చోటికో నీడకో మార్చమన్నాడు.

"మార్చాలంటే మారుస్తా గాని అన్నా, రంగులు బానే కనపడతన్నయ్, టచ్ బానే ఉంది. ఆ పట్టీ నేను చూపించినాక గదా నీకు కనపడింది! ఇంకో రెండేళ్లు వాడుకో" అన్నాడు. స్క్రీన్ వేస్తే తనకు వచ్చే లాభం అతనికి తెలుసు. ఆ రోజు అతను తీసుకున్నది ఏమీ లేదు.

ఈ అరుగుదలను ఫోన్ కంపెనీలు ఎలా ఎదుర్కొంటాయో చూపడానికి అందరికీ తెలిసిన ఒక ఉదంతం ఉంది. 2017 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 2 ఎక్స్ఎల్ బజారులోకి వచ్చిన కొద్దిరోజులకే, దాని అడుగు మీటల నీడ బూడిద తెర మీద కనిపిస్తోందని సమీక్షకులు ఫోటోలు పెట్టారు. గూగుల్ వారంటీని రెండేళ్లకు పెంచింది. వాడకుండా ఉన్నప్పుడు ఆ మీటలు మెల్లగా మసకబారేలా, గరిష్ఠ వెలుగు 50 నిట్లు తగ్గేలా సాఫ్ట్‌వేర్ మార్చింది. తెరను మరమ్మతు చేసే సాఫ్ట్‌వేర్ కాదది, ఇకమీద అరిగే వేగం తగ్గించేది. సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్నది అంతవరకే. నిద్రపోతున్న ఫోన్ మీద గడియారం నిమిషానికోసారి కొన్ని చుక్కల దూరం జరగడం, చానల్ గుర్తు ఉన్నచోటు వెలుగును టీవీ గుట్టుగా తగ్గించడం, ఇవన్నీ ఆ కోవలోవే. అంచును పదునుగా పడనివ్వకపోవడమే వీటన్నిటి పని.

కొన్ని తెరలు ఇంకో అడుగు వేసి, ఏ చుక్క ఎంత అరిగిందో కొలిచో లెక్కగట్టో, దానికి కరెంటు కొంచెం పెంచి పోస్తాయి. చూపుకు నీడ పోతుంది. కాని పెంచిన కరెంటు ఆ అలిసిన చుక్కనే ఇంకా తొందరగా అలిసేలా చేస్తుంది. ఓఎల్ఈడీ టీవీలు నాలుగు గంటల వాడకం తర్వాత ఆపినప్పుడు కొన్ని నిమిషాలు లోలోపల ఇలాంటి కొలతే చేసుకుంటాయి. టీవీ ఆపగానే గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఓఎల్ఈడీ టీవీ విషయంలో ఆ అలవాటు మానుకోవాలి. రిమోట్‌తో ఆపి వదిలేస్తే ఆ కొలత పూర్తవుతుంది, ట్రాన్సిస్టర్ వల్ల వచ్చే పోయే నీడలు దాంతో పోతాయి.

కెనడాలోని ఆర్టింగ్స్ అనే పరీక్షల సంస్థ 2018లో ఒకే రకం ఓఎల్ఈడీ టీవీలు ఆరింటిని రోజుకు 20 గంటలు నడిపింది. ఒక్కోదానిలో ఒక్కో రకం కార్యక్రమం. పూర్తి వెలుగులో సీఎన్ఎన్ వార్తలు చూపించిన టీవీ మీద చానల్ గుర్తు, వార్తల పట్టీ ముద్రపడ్డాయి. బొమ్మ నిత్యం మారే ఒక వీడియో గేమ్ నడిపిన టీవీ అన్నే గంటలకూ ఇబ్బంది లేకుండా నిలిచింది. తెలుగు వార్తా చానళ్లలో కదలని పట్టీలు ఎన్ని ఉంటాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. హోటల్లోనో దుకాణంలోనో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే వార్తా చానల్ పెట్టేవాళ్లకు మామూలు ఎల్ఈడీ టీవీయే మంచిది. అందులో వెలిగే దీపం వేరు, రంగు చుక్క వేరు కాబట్టి ఇలాంటి గాడి పడదు. ఇంట్లో అందరూ అన్నీ చూసే టీవీకి ఈ భయం అక్కర్లేదు.

ఇక మరమ్మతు పేరుతో జరిగేవాటి సంగతి. రంగులు మెరిపించే యాప్‌లు, వీడియోలు పోయే నీడ మీద పనిచేసినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే అది ఊరికే ఉంచినా పోయేదే. పోని నీడ మీద వాటికున్న దారి ఒక్కటే, అరగని భాగాన్ని కూడా అరగదీసి సమానం చేయడం. గ్లాసు మాత్రం మార్చడం కూడా దీనికి మందు కాదు. అరిగిన పొర గ్లాసు కింద ఉంటుంది, పై గ్లాసు కొత్తదైతే నీడ ఇంకా తేటగా కనిపిస్తుంది. నిలువుగా మెరిసే పచ్చగీత, గులాబీ గీత అరుగుదల కాదు, అవి తెరకు సంకేతాలు మోసే దారిలో వచ్చిన తెగుళ్లు. వాటికి ఈ వ్యాసంలో చెప్పిన ఏ ఓపికా పనిచేయదు.

తెర నిజంగానే మార్చాల్సి వస్తే కుర్రవాడు ఒక నియమం పాటిస్తాడు. జిగురు వేయకముందే కొత్త కాంబో ఫ్లెక్స్ తగిలించి, బూడిద, నీలం పెట్టి చూస్తాడు. బజారులో అమ్మే తెరల్లో పాత ఫోన్ల నుంచి తీసినవి కూడా ఉంటాయి, వాటికి ముందు యజమాని కీబోర్డు నీడ ఉండవచ్చు. చవకగా దొరికే ఇన్‌సెల్ కాంబోలు ఓఎల్ఈడీ కావు, ఎల్సీడీవి. వాటికి గాడి పడదు గాని, నలుపు నలుపులా ఉండదు. తెర కింద కాంతితో వేలిముద్ర చదివే ఫోన్లో ఆ వేలిముద్ర పనిచేయడం మానేస్తుంది, ఎల్సీడీ వెనకున్న దీపపు పొరలోంచి ఆ కన్ను చూడలేదు. ఈ సంగతి డబ్బులు తీసుకోకముందే చెప్పేవాడు మంచి పనివాడు.

మీరు పాత ఫోన్ కొనబోతున్నా, మీ తెర మీద నీడ చూసి కంగారుపడుతున్నా, డబ్బు చేతినుంచి వెళ్లకముందు మూడు పనులు చేయండి. స్క్రీన్‌షాట్‌ను వేరే ఫోన్లో చూడండి. ఫోన్ ఆపి, చల్లటి చోట అరగంట ఉంచండి, కుదిరితే ఒక రాత్రి. ఆ తర్వాత తెర నిండా నడిమి బూడిద ఒకటి, నీలం ఒకటి పెట్టి, నీడలో ఏముందో చదవండి. పొద్దున చూసిన బొమ్మ ఉంటే తెరకు ఏమీ కాలేదు. ఏళ్లుగా చూస్తున్న బొమ్మ ఉంటే అది పోదు, పాత ఫోన్ అయితే ధర తగ్గించమని అడగండి, మీదే అయితే కంటికి అడ్డం వచ్చేదాకా వాడుకోండి.